బస్సులో చెవికి ఏ పుస్తకం, ఇంట్లో కంటికి ఏ పుస్తకం

"అక్కా, మాది తిరుపతి, ఉద్యోగం చిత్తూరులో. రోజూ ఆర్టీసీ బస్సులో పోయేదానికి గంటన్నర పైనే, వచ్చేదానికి మళ్ళీ అంతే. పెళ్ళికి ముందు నవలలు బాగా చదివేదాన్ని. ఇప్పుడు బస్సులో పుస్తకం తెరిస్తే పది నిమిషాలకే తల తిరిగి వాంతి వచ్చేట్టుంటుంది. అందుకని ఆడియోబుక్కులు మొదలుపెట్టా. ఒక డిటెక్టివ్ నవల సగానికి వచ్చేసరికి ఎవరు ఎవరో తెలియక ఆపేశా. మా ఆడపడుచేమో వినడం చదవడం కాదంటోంది. ఆడియో వదిలేసి పుస్తకమే పట్టుకోమంటావా? వినమంటే ఎలాంటివి వినాలి?"

చెల్లీ, ముందు ఆ వాంతి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. బస్సు మలుపు తిరిగినా, గుంతలో పడినా, బ్రేకు వేసినా నీ చెవి లోపలి భాగానికి ఆ కదలిక తెలుస్తుంది. కళ్ళు మాత్రం పేజీ మీద ఉంటాయి, పేజీ కదలడం లేదు కాబట్టి అవి మెదడుకు "ఏమీ కదలడం లేదు" అని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగకపోతే కడుపులో తిప్పుతుంది. ఇది అలవాటు మీద పూర్తిగా పోయేది కాదు, కొంతమందికి ఎన్నేళ్ళు తిరిగినా పోదు. కాబట్టి బస్సులో పుస్తకంతో పోరాడొద్దు. కిటికీ పక్క సీటు దొరికితే దూరంగా చంద్రగిరి కొండల వైపు చూస్తూ విను, చూపు దూరంగా ఉంటే తిప్పడం కూడా తగ్గుతుంది. ఎప్పుడైనా పాకాల మీదుగా పోయే రైలు నీ టైముకు కుదిరితే ఆ రోజు పుస్తకం బ్యాగులో వేసుకో, రైల్లో కుదుపు తక్కువ కాబట్టి బస్సులో పడని చాలామందికి అక్కడ చదవడం పడుతుంది.

అంటే బస్సుకు ఆడియో, ఇంటికి పుస్తకం. అయితే అన్ని పుస్తకాలూ చెవిలో పట్టవు. నీ డిటెక్టివ్ నవల సగంలో ఆగింది నీ లోపం వల్ల కాదు, అది చెవికి సరిపోయే రకం కాదు.

చదివేటప్పుడు మన కళ్ళు ముందుకే పోవు. పెద్దగా గమనించం గానీ, కళ్ళు చేసే కదలికల్లో నూటికి పది పదిహేను వెనక్కి వెళ్ళేవే. పేరు గుర్తు రాకపోతే పై లైనుకి, వాక్యం అర్థం కాకపోతే దాని మొదటికి, "ఈ మనిషి ఇంతకుముందు ఎక్కడ వచ్చాడు" అనుకుంటే నాలుగు పేజీలు వెనక్కి పోతాం. దీనికి అరసెకను పట్టొచ్చు, అర నిమిషం పట్టొచ్చు, మళ్ళీ వచ్చి చదువుకుంటాం. వినేటప్పుడు ఈ పని అసలు జరగదు. చదివే గొంతు తన దారిన పోతూనే ఉంటుంది. వెనక్కి జరిపే బటన్ ఉంటుంది, నిజమే, కానీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పక్కన మనిషి ఒరుగుతుంటే, ఫోను తీసి, లాక్ తెరిచి, పదిహేను సెకన్లు వెనక్కి కొట్టడం ఎవరూ రోజుకు యాభైసార్లు చెయ్యరు. అందుకే ఒక పుస్తకం వినడానికి పనికొస్తుందా లేదా అని చూసేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది చదివితే ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది? తక్కువైతే చెవికి, ఎక్కువైతే కంటికి.

మీ ఆడపడుచు మాటకు కూడా ఇందులోనే జవాబు ఉంది. 2016లో అమెరికాలో బెత్ రొగోవ్‌స్కీ, ఆమెతో పనిచేసినవాళ్ళు పెద్దవాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. జరిగిన సంఘటనల మీద రాసిన ఒక పుస్తకంలోని భాగాన్నే కొందరికి వినిపించారు, కొందరి చేత తెర మీద చదివించారు, మిగిలినవాళ్ళకు రెండూ ఒకేసారి ఇచ్చారు. వెంటనే అడిగినా, రెండు వారాల తర్వాత అడిగినా మూడు గుంపులకూ గుర్తున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దానికి ముందు 2010లో డేవిడ్ డేనియల్, విలియం వుడీ కాలేజీ పిల్లలకు ఒకే వ్యాసాన్ని కొందరికి చదవమని, కొందరికి వినమని ఇచ్చి పరీక్ష పెడితే, విన్నవాళ్ళు బాగా వెనకబడ్డారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదని నా అభిప్రాయం. మొదటిది కథలా నడిచే పుస్తకం, రెండోది పాఠంలాంటి వ్యాసం. పాఠానికి వెనక్కి వెళ్ళాలి, కథ మనల్ని ముందుకు లాగుతుంది. కాబట్టి కథ వినడం చదవడంతో సమానమే అని మీ ఆడపడుచుతో ధైర్యంగా చెప్పు. డిపార్ట్‌మెంటల్ టెస్టులకు ఎప్పుడైనా కూర్చుంటే మాత్రం ఆ పుస్తకాలు బస్సులో విని పాస్ అవుదామనుకోకు. రూల్సు, సెక్షన్లు కంటితో చదివి, పెన్నుతో గీతలు గీసుకుంటేనే నిలుస్తాయి.

ఇప్పుడు ఆ డిటెక్టివ్ నవల దగ్గరకు వద్దాం. అందులో రమణ, రాఘవ, రంగయ్య, రాజారావు లాంటి పేర్లు వరసగా ఉన్నాయా? ఉండే ఉంటాయి. పేజీ మీద ఈ నాలుగూ నాలుగు బొమ్మల్లా కనపడతాయి, కన్ను ఒక్కసారి చూసి విడదీసేస్తుంది. చెవికి మాత్రం నాలుగూ "ర" శబ్దంతోనే మొదలయ్యేసరికి, బస్సు చప్పుడులో మిగతా అక్షరాలు కొట్టుకుపోతే ఎవరన్నది పోతుంది. పైగా డిటెక్టివ్ కథలో ముఖ్యమైన విషయాన్ని రచయిత కావాలనే చిన్న మాటలో దాచిపెడతాడు, ఆ మాట వచ్చిన క్షణంలోనే కండక్టరు టికెట్ అడిగాడనుకో, చివర్లో హంతకుడు దొరికినా నీకు అందులో ఆనందం ఉండదు. అట్లని డిటెక్టివ్ కథలు అసలు వద్దని కాదు. ఐదారుగురు మనుషులు, ఒకే ఇల్లు, ఒకే చోట జరిగే కథ, అదీ గంటలో అయిపోయేదైతే హాయిగా వినొచ్చు. ఇరవైమంది మనుషులతో, కథ ముందుకీ వెనక్కీ దూకేదైతే పుస్తకమే.

చెవికి అన్నిటికంటే బాగా పట్టేవి ఆత్మకథలు, జ్ఞాపకాలు, యాత్రలు. ఇది నేను గట్టిగా చెబుతాను. ఒకే మనిషి "నేను" అంటూ మాట్లాడుతుంటాడు, పుట్టిన ఊరు నుంచి మొదలుపెట్టి ఒక్కో ఏడాదీ దాటుకుంటూ వస్తాడు. నడుమ ఐదు నిమిషాలు నీ ధ్యాస ఆఫీసు మీదికి పోయినా తిరిగొచ్చేసరికి అదే గొంతు, అదే మనిషి, మహా అయితే ఒక ఊరు దాటి ఉంటాడు. దారం తెగదు. యాత్రలు కూడా అంతే, దారి పొడవునా నడిచే కథ కాబట్టి నువ్వు కూడా దారిలోనే ఉండి వింటావు. మొదటి నెలంతా వీటితోనే మొదలుపెట్టు.

రెండోది, యాసలో రాసిన కథలు. మన చిత్తూరు జిల్లా మాటలో రాసిన నామిని కథల్లాంటివి పేజీ మీద చూస్తే, ఈ ప్రాంతం కాని వాళ్ళు మొదటి రెండు పేజీలు తడబడతారు. మాట్లాడే మాటని అక్షరాల్లో పెడితే కంటికి కొత్తగా ఉంటుంది మరి. అదే మాట గొంతులో వింటే ఎక్కడా ఆగాల్సిన పని లేదు, పక్క సీట్లో పెద్దామె ఊరి సంగతులు చెబుతున్నట్టే ఉంటుంది. అయితే చదివే మనిషికి ఆ యాస నోట్లో ఉండాలి, అది లేకపోతే మొత్తం పాడవుతుంది. కొనేముందు నమూనా వినమని చెప్పేది ఇందుకే. ఐదు నిమిషాలు విను. పాత్రలు మాట్లాడే చోట గొంతు కొంచెమైనా మారుతోందా, వాక్యం చివర ఊపిరి ఆడుతోందా చూడు. ఎంత గొప్ప పుస్తకమైనా చదివే గొంతు నచ్చకపోతే రోజుకు మూడు గంటలు దాన్ని భరించడం కష్టం. చిన్న కథకి ఇంకో సౌకర్యం ఉంది. ఇరవై ముప్పై నిమిషాల్లో అయిపోతుంది. ఊరు దాటాక మొదలుపెట్టిన కథ పాకాల వైపు వచ్చేసరికి ముగుస్తుంది, ఇంకోటి పూతలపట్టు దాటేలోపు. బస్సు దిగేసరికి కథ మధ్యలో తెగిపోయి, సాయంత్రానికి మొదలు మర్చిపోయే బాధ ఉండదు.

మూడోది, నీకు ముందే తెలిసిన కథలు. మన పక్క పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అక్కడ కూర్చున్న జనంలో చాలామందికి కథ మొత్తం తెలుసు. దుర్యోధనుడు చివరికి ఎలా పడతాడో తెలిసే వస్తారు. అందుకే నడుమ లేచి టీ తాగొచ్చినా, పిల్లాణ్ణి నిద్రపుచ్చొచ్చినా వాళ్ళకి ఏమీ పోదు. హరిదాసు కూడా ఆ సంగతి తెలిసినవాడే, మనిషి పేరు మళ్ళీ మళ్ళీ చెబుతాడు, చెప్పిన సంగతినే పాటగా ఒకసారి, మాటగా ఒకసారి తిప్పి చెబుతాడు. చెవి కోసం పుట్టిన కథలకు ఆ తిప్పి చెప్పే గుణం ఉంటుంది, పేజీ కోసం పుట్టిన నవలకు ఉండదు. అందుకని పురాణ కథలు, జానపద కథలు, రామాయణ భారతాల వచనాలు బస్సుకు చాలా బాగుంటాయి. ఇదే లెక్కన పెళ్ళికి ముందు నువ్వు చదివిన నవలల్లో బాగా నచ్చినవి ఆడియోలో దొరుకుతాయేమో చూడు. పెద్ద నవలలు వినాలంటే నా సలహా ఇదే, మొదటిసారి చదువు, రెండోసారి విను. దాసుభాషితం లాంటి తెలుగు యాప్‌లలో పాత నవలలు, కథలు దొరుకుతాయి.

చెవికి పట్టనివి కూడా చెప్పాలి. మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఊరి నుంచి వచ్చి, అన్నతో గొడవపడి, తల్లి మాట కూడా వినకుండా, ఆ రాత్రే బయల్దేరిన మనిషి" అని వాక్యం సాగుతుంటే, ఆ మనిషి ఏం చేశాడో తెలిసేదాకా అంతా తలలో మోసుకుపోవాలి. పేజీ మీదైతే ఒక చూపులో మొత్తం కనపడుతుంది, వినేటప్పుడు చివరి మాట హారన్‌లో పోయిందంటే వాక్యమంతా పోయినట్టే. అందుకని పొడుగు వాక్యాలు, పెద్ద సమాసాలు ఉండే పాత గ్రాంథిక నవలలు, మనసులోని ఆలోచనలనే అలలు అలలుగా రాసుకుంటూ పోయే నవలలు ఇంట్లో చదువుకో. వచన కవిత్వం కూడా అంతే, అక్కడ లైను ఎక్కడ విరిగిందన్నది కూడా కవితలో భాగమే, చెవికి అది తెలియదు. పద్యాలు మాత్రం వేరే సంగతి, రాగంలో పాడితే వాటి అందమే వేరు. కాకపోతే వరసగా గంటసేపు వద్దు. రోజుకు ఒక పద్యం, అర్థం ముందురోజు రాత్రి చదువుకుని, మర్నాడు బస్సులో నాలుగుసార్లు విను. డబ్బు, ఆరోగ్యం, ఆర్థికం లాంటి పుస్తకాల్లో లెక్కలు, పట్టికలు వస్తాయి కాబట్టి అవి పుస్తకంగానే కొనుక్కో. చరిత్ర అయితే, ఒక మనిషి కథగానో ఒక యుద్ధం కథగానో రాసింది వినొచ్చు. రాజవంశాల జాబితాలా ఉండేది వినలేం.

ఇక నీ ప్రయాణానికి లెక్క వేద్దాం. తెలుగు పుస్తకం మామూలు సైజు పేజీ పైకి చదివితే సుమారు రెండు నిమిషాలు పడుతుంది. 200 పేజీల పుస్తకం అంటే ఆరున్నర, ఏడు గంటలు. నీకు రోజుకు మూడు గంటలు ఉన్నాయనుకుంటున్నావు, కానీ అన్నీ వినే గంటలు కావు. సీటు దొరికి, టికెట్ తీసుకుని, బస్సు ఊరు దాటేసరికి పదిహేను నిమిషాలు పోతాయి. చివర దిగే ముందు ఇంకో పది పదిహేను. అంటే పోయేటప్పుడు ఒక గంట, వచ్చేటప్పుడు ఒక గంట అనుకో. ఆ లెక్కన 200 పేజీల జ్ఞాపకాల పుస్తకం సోమవారం పొద్దున మొదలుపెడితే గురువారం సాయంత్రానికల్లా అయిపోతుంది. కానీ పొద్దుటి గంట, సాయంత్రం గంట ఒకటి కాదు. పొద్దున తల తేటగా ఉంటుంది, కొత్త పుస్తకం అప్పుడు విను. సాయంత్రం ఆఫీసు టెన్షన్ అంతా తలలో ఉంటుంది, అప్పుడు చిన్న కథో, ఇదివరకు చదివిన నవలో పెట్టుకో. అలా చేస్తే పొద్దుటి పుస్తకం మెల్లగా నడుస్తుంది, వారం పైన పడుతుంది, పట్టనీ, తొందరేముంది. నిద్ర వస్తే నిద్రపో. కాకపోతే యాప్‌లో స్లీప్ టైమర్ ఉంటుంది, ముప్పై నిమిషాలు పెట్టుకుంటే నువ్వు నిద్రపోయాక పుస్తకం రెండు అధ్యాయాలు తనంతట తాను పోయే బాధ తప్పుతుంది.

వేగం విషయానికొస్తే, చాలామంది ఒకటిన్నర రెట్లు పెట్టి వింటామని గొప్పగా చెబుతారు. తెలుగులో అది నాకు ఎప్పుడూ కుదరలేదు. మనకు దీర్ఘాలు, ఒత్తులే అర్థం, "పలక", "పాలక" తేడా అంతా ఆ దీర్ఘంలోనే ఉంది, వేగం పెంచితే బస్సు చప్పుడులో ముందు పోయేవి అవే. మొదటి వారం మామూలు వేగంలో విను. చదివే మనిషి మరీ సాగదీస్తుంటే కొంచెం పెంచు, 1.25 దాటొద్దు. పుస్తకాన్ని ఇంట్లో వైఫై మీద ముందే డౌన్‌లోడ్ చేసుకో, ఊళ్ళ మధ్య సిగ్నల్ పోయినప్పుడు గొంతు తెగితే ఆ వాక్యం మళ్ళీ దొరకదు.

సౌండ్ గురించి మాత్రం నా మాట విను. నేను కూడా ఇదే రూట్లో తిరిగిన రోజుల్లో, బస్సు ఇంజిను చప్పుడు, డ్రైవరు పెట్టిన పాటలు దాటి వినపడాలని వాల్యూమ్ మొత్తం పెట్టేదాన్ని. రెండు నెలలకి రాత్రి పడుకుంటే చెవిలో గుయ్యిమని మోత. భయపడి చెవి డాక్టరు దగ్గరకు పోతే, ముందు ఆ ఇయర్‌ఫోన్లు కొన్నాళ్ళు తీసెయ్యమన్నారు. తీసేశాక మెల్లగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా పరవాలేదు, అదే 90కి పోతే వారానికి నాలుగు గంటలే. నువ్వు వారానికి పది పన్నెండు గంటలు వింటావు కాబట్టి ఈ తేడా నీకు చిన్నది కాదు. చవకైన ఇయర్‌ఫోన్లయినా సరే, రబ్బరు బుడిపె ఉండి చెవి రంధ్రాన్ని మూసేవి తీసుకో, బయటి మోత తగ్గితే వాల్యూమ్ సగం పైన కొంచెం ఉంటే చాలు. పక్కనున్న మనిషి మాట్లాడితే అస్సలు వినపడడం లేదంటే, లేదా బస్సు దిగాక చెవులు దిమ్మెక్కినట్టు ఉంటే, ఎక్కువ పెట్టావన్నమాట. ఇంటి నుంచి బస్టాండుకి స్కూటీ మీద వెళ్ళే పనైతే ఆ దారిలో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు.

పుస్తకం చెవికి పడుతోందా లేదా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దిగేముందు ఆపేసి, గత పది నిమిషాల్లో ఏం జరిగిందో మనసులో రెండు వాక్యాల్లో చెప్పుకో. చెప్పగలిగితే సరిపోయింది. చెప్పలేకపోతే ఆ ఒక్క రోజు అలసట కావచ్చు. వరసగా మూడు రోజులు చెప్పలేకపోయినా, ఒకే అధ్యాయంలో మూడుసార్లు వెనక్కి జరపాల్సి వచ్చినా, ఆ పుస్తకాన్ని చెవి నుంచి తీసి ఇంటి వాటాలో వెయ్యి. సగంలో ఆపేశానే అని బాధపడాల్సిన పని లేదు, అట్టా ఆపిన నవలలు నేను పుస్తకంగా తెచ్చుకుని రెండు రాత్రుల్లో చదివేసినవి ఉన్నాయి.

నీ డిటెక్టివ్ నవల కూడా అంతే చెయ్యి. లైబ్రరీలోనో, పాత పుస్తకాల షాపులోనో దొరికితే తెచ్చి, మొదటి అట్ట లోపల పెన్సిల్‌తో ఆ "ర" పేర్లన్నీ రాసుకుని, పక్కన ఎవరు ఎవరికి ఏమవుతారో పెట్టుకో. పిల్లలు పడుకున్నాక రోజుకు ఇరవై పేజీలు. పేర్లు స్థిరపడ్డాక, అంటే ఒక అరవై డెబ్భై పేజీలు దాటాక, కావాలంటే మిగతాది బస్సులో వినొచ్చు, అప్పుడు చెవికి ఇబ్బంది ఉండదు. సోమవారం పొద్దుటి బస్సుకి మాత్రం ఒక యాత్ర పుస్తకం డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. నాలుగు వారాలయ్యాక ఏది పట్టింది, ఏది పట్టలేదు నాకు రాయి.